క్రియాటిన్ వాడేవాళ్ల కిడ్నీ రిపోర్టు: క్రియాటినిన్ పెరిగితే నిజమైన జబ్బో, ఉత్త కంగారో తేల్చుకోవడం ఎలా

విజయవాడలో జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు ఈ చిక్కులో దాదాపు ఒకే దారిలో పడతారు. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడో, ఇన్సూరెన్స్ కోసమో హెల్త్ చెకప్ చేయించుకుంటారు. సాయంత్రానికి ఫోన్‌కి రిపోర్టు వస్తుంది. షుగర్, కొలెస్ట్రాల్ అన్నీ బాగానే ఉంటాయి, ఒక్క సీరం క్రియాటినిన్ దగ్గర అంకె ఎర్రగా ఉంటుంది. దాని కింద ఈజీఎఫ్ఆర్ అని ఇంకో అంకె, పక్కన "స్టేజ్ 2" అని. ఇంట్లో అమ్మ చూపు నేరుగా షెల్ఫ్‌లో ఉన్న పౌడర్ డబ్బా మీదికి పోతుంది. "చెప్తే విన్నావా? ఆ డబ్బాలు తాగి కిడ్నీలు పాడుచేసుకున్నావు" అంటుంది. ఎ.కొండూరు తండాల్లోనూ, ఉద్దానంలోనూ కిడ్నీ జబ్బుతో జనం పడ్డ బాధలు ఏళ్ల తరబడి పేపర్లలో చదివిన ఇల్లు కదా, ఆ భయాన్ని తప్పుపట్టలేం.

ఈ వ్యాసం ఎవరికోసమంటే, అంతవరకు ఆరోగ్యంగా ఉండి, కండ కోసం క్రియాటిన్ పౌడర్ వాడుతూ, అనుకోకుండా ఇలాంటి రిపోర్టు చేతికొచ్చినవాళ్ల కోసం. షుగర్, బీపీ ఉన్నవాళ్లు, ఒకే కిడ్నీతో ఉన్నవాళ్లు, ఇంతకుముందే కిడ్నీ సమస్య ఉందని తేలినవాళ్లు, ఇంట్లో కిడ్నీ జబ్బు చరిత్ర ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా లెక్కలు వేసుకోకుండా పౌడర్ ఆపేసి నేరుగా నెఫ్రాలజిస్ట్‌ని కలవాలి. కింద చెప్పేవి వాళ్లకీ పనికొస్తాయి కానీ, డాక్టర్ ఎదురుగా ఉన్నప్పుడు మాత్రమే.

మాట తేలిగ్గా అర్థం కావడానికి ఒక కేసు పట్టుకుని వెళ్దాం. వయసు 28, బరువు 84 కిలోలు, పటమటలో జిమ్. నాలుగు నెలలుగా రోజూ 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్. రక్తం ఇచ్చింది సోమవారం ఉదయం. అంతకుముందు రోజు, అంటే ఆదివారం ఉదయం లెగ్ డే, రాత్రి మటన్ బిర్యానీ. క్రియాటినిన్ 1.42 వచ్చింది. ల్యాబ్ వేసిన హద్దు 0.7 నుంచి 1.3. ఈజీఎఫ్ఆర్ 69.

ముందు ఆ 69 ఎక్కడినుంచి వచ్చిందో చూడండి

ఈజీఎఫ్ఆర్ అంటే కిడ్నీ రక్తాన్ని ఎంత వేగంగా వడపోస్తోందో చెప్పే అంకె, కానీ అది ఎవరూ కొలిచింది కాదు. మీ క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవి ఒక సూత్రంలో వేసి ల్యాబ్ కంప్యూటర్ అచ్చు వేసే అంచనా. ఇప్పుడు చాలా ల్యాబ్‌లు వాడేది 2021 నాటి సీకేడీ-ఎపి సూత్రం. మగవాళ్లకి, క్రియాటినిన్ 0.9 కంటే ఎక్కువ ఉన్నప్పుడు అది ఇలా ఉంటుంది:

```
eGFR = 142 × (1.42 ÷ 0.9)^-1.200 × 0.9938^28 = 69
```

1.42 అన్నది రిపోర్టులోని క్రియాటినిన్, 28 అన్నది వయసు. మీ అంకెలు పెట్టి ఫోన్‌లోని కాలిక్యులేటర్‌లో చూసుకోవచ్చు. ఇందులో బరువు లేదు, కండ లేదు, క్రియాటిన్ వాడుతున్నారా అన్న ప్రశ్న లేదు. 84 కిలోల జిమ్ కుర్రాడినీ, రోజంతా కుర్చీలో కూర్చునే 55 కిలోల మనిషినీ ఈ సూత్రం ఒకే మనిషిగా చూస్తుంది. క్రియాటినిన్ పెరిగిన ప్రతిసారీ తప్పు కిడ్నీదేనన్న నమ్మకంతో నడిచే లెక్క ఇది. మిగతా అన్ని కారణాలనూ మనమే వెతికి పక్కన పెట్టాలి.

ఇంకొకటి. 60 నుంచి 89 మధ్య ఉంటే చాలా రిపోర్టులు "స్టేజ్ 2" అని వేసేస్తాయి. మూత్రంలో ప్రొటీన్ పోవడం, రక్తం కనిపించడం, స్కాన్‌లో తేడా లాంటి ఇంకో ఆధారం లేకుండా ఈ అంకె ఒక్కదానితో కిడ్నీ జబ్బు అని చెప్పడానికి లేదు. అసలు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే ఆ తేడా కనీసం మూడు నెలలు కొనసాగాలి. ఒక్క సోమవారం రిపోర్టు మూడు నెలలకి సాక్ష్యం కాదు.

క్రియాటిన్ ఎందుకు అంకెని పెంచుతుంది

పేర్లు దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఒక్కసారి విడదీసుకుందాం. క్రియాటిన్ అంటే మీరు తాగే పౌడర్. మన ఒంట్లోనూ తయారవుతుంది, మాంసంలోనూ ఉంటుంది, దాదాపు అంతా కండల్లోనే నిల్వ ఉంటుంది. క్రియాటినిన్ అంటే ఆ క్రియాటిన్ అరిగాక మిగిలే వ్యర్థం. రక్తంలోకి వచ్చి, కిడ్నీ ద్వారా మూత్రంలో పోతుంది.

70 కిలోల మనిషి కండల్లో సుమారు 120 గ్రాముల క్రియాటిన్ ఉంటుంది. అందులో రోజుకి 1.7 శాతం దాకా, అంటే దాదాపు 2 గ్రాములు, తనంతట తానే క్రియాటినిన్‌గా మారిపోతుంది. దీనికి ఏ ఎంజైమూ అక్కర్లేదు, మనం ఆపగలిగేదీ కాదు. పౌడర్ వాడితే కండల్లోని నిల్వ 20 నుంచి 40 శాతం దాకా పెరుగుతుంది. మాంసం తినని వాళ్లలో మొదటి నిల్వ తక్కువ కాబట్టి పెరుగుదల ఎక్కువ కనిపిస్తుంది. నిల్వ 20 శాతం పెరిగితే రోజూ తయారయ్యే వ్యర్థం కూడా దాదాపు అంతే పెరుగుతుంది. కిడ్నీ మునుపటి వేగంతోనే వడపోస్తున్నా రక్తంలో అంకె పైకి పోతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం పెరిగిందంటే గేట్లు మొరాయించాయనే కాదు, పైనుంచి వచ్చే వరద పెరిగినా మట్టం పెరుగుతుంది. క్రియాటినిన్ పరీక్ష మట్టం మాత్రమే చెబుతుంది.

మన కుర్రాడు పాత ఫైళ్లు వెతికితే రెండేళ్ల కిందటి రిపోర్టు దొరికింది. అప్పటికి జిమ్‌కి వెళ్తున్నాడు కానీ పౌడర్ లేదు. క్రియాటినిన్ 1.14. దానికి 20 శాతం కలిపితే 1.37. మిగిలిన కొంచెం మటన్ బిర్యానీ, లెగ్ డే ఖాతాలోకి పోవచ్చు. మాంసం ఉడికేటప్పుడు అందులోని క్రియాటిన్ కొంత అక్కడే క్రియాటినిన్‌గా మారుతుంది. అది తిన్న కొన్ని గంటల దాకా రక్తంలో అంకెని పైకి లాగుతుంది. గట్టి వ్యాయామం కూడా ఒకటి రెండు రోజుల దాకా అదే పని చేస్తుంది. అంకె ఇలా పొంతన కుదిరింది. అయితే పొంతన కుదరడం వేరు, రుజువు వేరు. రుజువు కోసమే ఇకమీది అడుగులు.

దీనికి మంచి ఉదాహరణ 2010లో అచ్చయిన ఒక బ్రెజిల్ కేసు. ఒకే కిడ్నీ ఉన్న 20 ఏళ్ల కుర్రాడికి ఐదు రోజులు 20 గ్రాముల చొప్పున, తర్వాత 30 రోజులు 5 గ్రాముల చొప్పున క్రియాటిన్ ఇచ్చి చూశారు. క్రియాటినిన్ 1.03 నుంచి 1.27కి ఎగబాకింది. సూత్రంలో వేస్తే కిడ్నీ దెబ్బతిన్నట్టే. కానీ రేడియోధార్మిక పదార్థం ఎక్కించి వడపోతని నేరుగా కొలిస్తే ముందూ వెనకా ఒకే విలువ, దాదాపు 82. ఇది చదివి ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు పౌడర్ మొదలుపెట్టకూడదు, అది డాక్టర్ల కళ్లముందు జరిగిన ప్రయోగం. మన పాఠమల్లా ఒక్కటే, క్రియాటినిన్ పెరగడమూ కిడ్నీ చెడడమూ ఒకటి కాకపోవచ్చు.

మొదటి అడుగు: ఆలస్యం చేయకూడనివి ఏమైనా ఉన్నాయా

పౌడర్ మీద నెపం వేసి నిజమైన జబ్బుని వదిలేయడం, లేని జబ్బుకి భయపడటం కంటే పెద్ద తప్పు. అందుకే ముందు ఇది చూసుకోవాలి. కింద చెప్పినవాటిలో ఒక్కటి ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి అదే రోజు డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి.

మూత్రం బాగా తగ్గిపోవడం. ముఖం, పాదాలు ఉబ్బడం. మూత్రంలో నురగ ఎక్కువసేపు నిలవడం. బీపీ 140/90 దాటడం. రిపోర్టులో పొటాషియం 5.5 పైన ఉండటం. బ్లడ్ యూరియా కూడా క్రియాటినిన్‌తోపాటు బాగా పెరగడం. క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 పెరగడం. క్రియాటినిన్ 2 దాటితే దాన్ని క్రియాటిన్ ఖాతాలో వేయకండి, పౌడర్ వల్ల అంత పెరగడం సాధారణంగా ఉండదు.

జిమ్ వాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మేలో, ఏసీ లేని జిమ్‌లో, చాలా రోజుల విరామం తర్వాత ఒకేసారి విపరీతంగా వర్కౌట్ చేసినవాళ్లకి కండ చితికి అందులోని ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. కండలు రాయిలా బిగుసుకుని విపరీతంగా నొప్పి పెడతాయి, మూత్రం కోలా రంగులో వస్తుంది. ఇది కిడ్నీని నిజంగానే దెబ్బతీస్తుంది, గంటలు కూడా విలువైనవే. దీనికి సీపీకే అనే రక్త పరీక్ష చేస్తారు. ఆ నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ బిళ్లలు వేసుకుంటే పరిస్థితి మరింత చెడుతుంది. నిజం చెప్పాలంటే, జిమ్ బ్యాగుల్లో కిడ్నీకి అసలు ప్రమాదం పౌడర్ డబ్బా కంటే పెయిన్ కిల్లర్ స్ట్రిప్పులోనే ఎక్కువ.

మన కుర్రాడికి బీపీ 124/78, యూరియా 31, పొటాషియం 4.3, వాపులు లేవు, మూత్రం మామూలే. కాబట్టి నింపాదిగా ముందుకి వెళ్లొచ్చు.

రెండో అడుగు: కండతో సంబంధం లేని పరీక్ష

చాలామంది చేసే పని ఏమిటంటే, మర్నాడే ఇంకో ల్యాబ్‌కి వెళ్లి మళ్లీ క్రియాటినిన్ చేయించడం. సూర్యారావుపేటలో ఒక వీధిలోనే నాలుగు ల్యాబ్‌లు ఉంటాయి కాబట్టి ఇది తేలిక కూడా. కానీ కండల్లో అదే క్రియాటిన్ ఉండగా అదే పరీక్ష ఎన్ని చోట్ల చేయించినా వచ్చేది అదే జవాబు. కొంచెం అటూ ఇటూ తేడా వస్తే దానికో కొత్త టెన్షన్.

అడగాల్సిన పరీక్ష సిస్టాటిన్ సి. ఇది ఒంట్లోని దాదాపు ప్రతి కణమూ ఒక తీరుగా తయారు చేసే చిన్న ప్రొటీన్. కిడ్నీ దాన్ని వడపోస్తుంది. కండ ఎంతుందో, క్రియాటిన్ ఎంత తాగారో, రాత్రి ఏం తిన్నారో దానికి పట్టదు. క్రియాటినిన్ కంటే ఖర్చు బాగా ఎక్కువ. అన్ని ల్యాబ్‌లలోనూ యంత్రం ఉండదు, చాలా చోట్ల శాంపిల్ తీసుకుని పెద్ద ల్యాబ్‌కి పంపిస్తారు, రిపోర్టుకి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ముందే ఫోన్ చేసి "సిస్టాటిన్ సి చేస్తారా, ఈజీఎఫ్ఆర్ కూడా లెక్కేసి ఇస్తారా" అని అడగండి. డాక్టర్ చీటీ మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

దాంతోపాటు మూత్రం పరీక్షలు రెండు. ఒకటి మామూలు కంప్లీట్ యూరిన్. రెండోది మూత్రంలో పోయే అల్బుమిన్ అనే ప్రొటీన్‌కీ, క్రియాటినిన్‌కీ ఉన్న నిష్పత్తి, దాన్ని ల్యాబ్‌లో ఏసీఆర్ అంటారు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం ఇవ్వాలి. గ్రాముకి 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. గట్టి వర్కౌట్ తర్వాత ఒకటి రెండు రోజులు ఆరోగ్యవంతుల మూత్రంలో కూడా ప్రొటీన్ కనిపిస్తుంది, కాబట్టి రెండు రోజులు జిమ్ ఆపి ఇవ్వండి. ఇక్కడో చిన్న మెలిక ఉంది. ఈ నిష్పత్తిలో కింద ఉండేది మూత్రంలోని క్రియాటినిన్. క్రియాటిన్ వాడేవాళ్లలో అదీ ఎక్కువే కాబట్టి నిష్పత్తి ఉన్నదానికంటే కొంచెం తక్కువగా కనిపించవచ్చు. 5, 8 వస్తే ఆలోచించక్కర్లేదు. 25, 28 లాంటి అంచు అంకె వస్తే మాత్రం "30 లోపే కదా" అని వదిలేయకుండా పౌడర్ ఆపాక మళ్లీ చేయించండి.

మన కుర్రాడి సిస్టాటిన్ సి 0.85 వచ్చింది. 28 ఏళ్ల మగవాడికి దాని సూత్రంలో వేస్తే ఈజీఎఫ్ఆర్ 110. ఏసీఆర్ 6. మూత్రంలో ప్రొటీన్, రక్తకణాలు లేవు. ఒక సూత్రం 69 అంటోంది, ఇంకోటి 110 అంటోంది, తేడా 41. ఇంత ఎడం ఉందంటే రెండింటిలో ఒకదాన్ని కిడ్నీ కాని వేరే కారణమేదో పక్కకి లాగుతోందని అర్థం. మనకి ఆ కారణం పేరూ తెలుసు, అది షెల్ఫ్‌లో కూర్చునే ఉంది.

కొన్ని ల్యాబ్‌లు రెండూ కలిపిన మూడో సూత్రం వేసి ఇస్తాయి. ఇదే కుర్రాడికి దానిలో 90 వస్తుంది. మామూలుగా ఆ కలిపిన అంచనాయే మేలైనది. కానీ క్రియాటినిన్‌ని ఏది పెంచిందో స్పష్టంగా తెలిసినప్పుడు ఆ పొరపాటులో కొంత భాగం కలిపిన అంకెలోకి కూడా దూరుతుంది. ఇలాంటి చోట సిస్టాటిన్ అంకెకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

సిస్టాటిన్‌కీ దాని లోపాలు దానికున్నాయి. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉన్న జబ్బులు, ఊబకాయం, సిగరెట్లు దాన్ని పెంచుతాయి. ఆస్తమాకో కీళ్లకో డాక్టర్ ఇచ్చిన ప్రెడ్నిసలోన్, బరువు పెరగడానికని ఎవరో అంటగట్టిన డెక్సామెథాసోన్ బిళ్లలు కూడా పెంచుతాయి. అవి వాడుతుంటే దాచకుండా చెప్పండి. థైరాయిడ్ ఇంకా గమ్మత్తైనది. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే క్రియాటినిన్ పెరుగుతుంది, సిస్టాటిన్ తగ్గుతుంది. అంటే అచ్చంగా క్రియాటిన్ వాడిన మనిషి రిపోర్టులాగే ఉంటుంది. చెకప్‌లో టీఎస్‌హెచ్ లేకపోతే ఈ శాంపిల్‌తోనే చేయించేయండి. మన కుర్రాడిది 2.1, ఆ అనుమానం కూడా తీరింది.

సిస్టాటిన్ దొరకని ఊళ్లో ఉంటే పాత పద్ధతి ఒకటుంది, 24 గంటల మూత్రం పట్టి క్రియాటినిన్ క్లియరెన్స్ చూడటం. ఇందులో రక్తంలో పెరిగిన క్రియాటినిన్‌తోపాటు మూత్రంలో పెరిగిందీ లెక్కలోకి వస్తుంది కాబట్టి పౌడర్ ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. కష్టమల్లా పట్టడంలోనే. పొద్దున లేచాక మొదటిసారిది పారబోసి, అక్కడినుంచి మర్నాడు అదే వేళకి వచ్చే మూత్రం దాకా ప్రతి చుక్కా క్యాన్‌లో పడాలి. ఆఫీసులో ఒక్కసారి మర్చిపోతే లెక్క మొత్తం తప్పుతుంది. సెలవు రోజు చూసుకుని ఇంట్లో ఉండి పట్టండి.

మూడో అడుగు: పౌడర్ ఆపి, సరిగ్గా మళ్లీ చేయించడం

సిస్టాటిన్ బాగుంటే చాలామందికి కథ అక్కడితో ముగిసినట్టే. అయినా క్రియాటినిన్ కిందికి దిగడం కళ్లారా చూస్తే మీకూ, డాక్టర్‌కీ, ఇంట్లోవాళ్లకీ నిమ్మళంగా ఉంటుంది. ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడేది రోజుల లెక్కలో. రెండు రోజులు పౌడర్ మానేసి పరీక్షకి వెళ్తారు, అంకె దిగదు, భయం రెట్టింపవుతుంది. తాగిన క్రియాటిన్ రక్తంలోంచి కొన్ని గంటల్లోనే పోతుంది నిజమే. కండల్లో చేరింది అలా పోదు. నిల్వ మునుపటి స్థాయికి రావడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. కాబట్టి ఐదారు వారాలు ఆపాకే పరీక్ష. ప్రీ వర్కౌట్, మాస్ గెయినర్ డబ్బాల లేబుళ్లు కూడా చదవండి, చాలావాటిలో క్రియాటిన్ కలిపే ఉంటుంది. ఒక డబ్బా ఆపి ఇంకో డబ్బాలో తాగుతూ ఉంటే ఆపినట్టు కాదు.

పరీక్షకి ముందు రెండు రోజులు బరువులు ఎత్తవద్దు, కాళ్ల వర్కౌట్ అయితే మూడు రోజులు. ముందురోజు రాత్రి చికెన్, మటన్, చేపలు లేకుండా పప్పన్నమో, చపాతీయో తినండి. నీళ్లు దాహానికి సరిపడా తాగండి. విజయవాడ ఎండలో ఒళ్లు ఎండిపోయి ఉంటే క్రియాటినిన్ పెరుగుతుంది, నిజమే. అలాగని పొద్దున్నే మూడు లీటర్లు పట్టించి వెళ్లకండి, మూత్రం పలచబడి ఆ పరీక్ష చెడుతుంది. జ్వరం, విరేచనాలు తగ్గి వారమైనా కాకుండా వెళ్లవద్దు.

మందుల సంగతి కూడా చూసుకోండి. ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్, కొలెస్ట్రాల్‌కి ఇచ్చే ఫెనోఫైబ్రేట్ లాంటివి కిడ్నీ చెడకుండానే క్రియాటినిన్‌ని కొంచెం పెంచుతాయి. డాక్టర్ రాసిన మందు సొంతంగా ఆపవద్దు, వాడుతున్నట్టు చెబితే చాలు.

పరీక్ష అదే ల్యాబ్‌లో చేయించండి. క్రియాటినిన్ కొలవడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి 1886 నుంచి ఉన్న జాఫె పద్ధతి, పిక్రిక్ ఆమ్లంతో వచ్చే నారింజ రంగుని చదువుతుంది. రెండోది ఎంజైమ్ పద్ధతి. జాఫె చవక, కానీ రక్తంలో కీటోన్లు ఉంటే వాటినీ క్రియాటినిన్ అనుకుని లెక్కేస్తుంది. కీటో డైట్‌లో ఉన్నవాళ్లు, చాలాసేపు ఉపవాసం ఉన్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. రిపోర్టులో పరీక్ష పేరు కిందే చిన్న అక్షరాల్లో పద్ధతి రాసి ఉంటుంది. ఒకసారి ఒక పద్ధతి, ఇంకోసారి ఇంకో పద్ధతి అయితే 0.1 తేడాకి అర్థం వెతకడం దండగ.

ఈ ఐదారు వారాల్లో ఇంకో ప్రమాదం చుట్టుముడుతుంది, సలహాలు. "క్రియాటినిన్ తగ్గించే" చూర్ణాలు, భస్మాలు ఎవరో ఒకరు తెచ్చిస్తారు. కొండపిండి ఆకు పప్పులో వేసుకు తింటే ఎవరూ కాదనరు. కానీ లోపల ఏముందో రాయని పొట్లాలు, పాదరసం, సీసం కలిసే అవకాశం ఉన్న మందులు బాగున్న కిడ్నీని కూడా పాడుచేయగలవు. పైగా పౌడర్ ఆపినందుకు దిగిన అంకెని ఆ పొట్లం తన ఖాతాలో వేసుకుంటుంది, అప్పుడు ఆ నమ్మకాన్ని ఎవరూ పీకలేరు.

మన కుర్రాడు ఐదు వారాల తర్వాత ఇచ్చిన శాంపిల్‌లో క్రియాటినిన్ 1.18, ఈజీఎఫ్ఆర్ 86. ఇంట్లో మళ్లీ ప్రశ్న, "ఇంకా 90 పైకి రాలేదేంటి?" అని. రాకపోవడమే సహజం. పౌడర్ పోయింది కానీ 84 కిలోల ఒళ్లు, అందులోని కండ ఎక్కడికీ పోలేదు. పౌడర్ లేని రోజుల్లో కూడా అతనిది 1.14. అతనికి అదే మామూలు. సిస్టాటిన్ 110 చెప్పింది, మూత్రం శుభ్రంగా ఉంది, క్రియాటినిన్ పాత చోటుకి దిగింది. మూడూ ఒకే మాట చెబుతున్నాయి.

ఆపిన ఆరు వారాలకి కూడా దిగకపోతే? లేదా సిస్టాటిన్ ఈజీఎఫ్ఆర్ కూడా తక్కువగా, ఉదాహరణకి 70 లోపల, వస్తే? లేదా ఏసీఆర్ 30 దాటి రెండోసారీ అలాగే ఉంటే? అప్పుడు క్రియాటిన్ మీద వాదన వదిలేయాలి. నెఫ్రాలజిస్ట్‌ దగ్గరికి అన్ని రిపోర్టులూ తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి. ఆయన కిడ్నీల స్కాన్, ఇంకొన్ని పరీక్షలు రాస్తారు. జిమ్‌లో ఎవరో చేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఉంటే అవీ చెప్పండి. అనబాలిక్ స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవాళ్లలో కిడ్నీ వడపోత గుచ్ఛాలు మచ్చలు కట్టిన కేసులు వైద్యంలో నమోదయ్యాయి. డాక్టర్‌ దగ్గర దాచిపెట్టే విషయం కాదిది.

నాలుగో అడుగు: డాక్టర్‌కి ఎలా చెప్పాలి

"సార్, సప్లిమెంట్ వాడుతున్నాను" అంటే చాలదు. ఆ మాటకి ప్రొటీన్ పౌడర్ నుంచి స్టెరాయిడ్ దాకా ఏదైనా అర్థం చేసుకోవచ్చు. డబ్బా ఫొటో చూపించండి. "రోజుకి 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్, నాలుగు నెలల నుంచి, ఫలానా తేదీన ఆపాను" అని చెప్పండి. వే ప్రొటీన్ ఎంత, పెయిన్ కిల్లర్లు ఎన్ని రోజులకోసారి, అవి కూడా. బిజీ ఓపీలో మీకు దొరికేది నాలుగైదు నిమిషాలు, కాబట్టి కాగితం మీద రాసుకెళ్లడం మేలు. "సిస్టాటిన్ సి చేయిస్తే ఉపయోగం ఉంటుందా సార్?" అని అడగడంలో తప్పేమీ లేదు. కొందరు డాక్టర్లు పౌడర్ ఆపి ఆరు వారాలకి రండి అంటారు, అదీ సరైన దారే, కాస్త ఆలస్యం అంతే. నా లెక్కలో మాత్రం ముందు సిస్టాటిన్ చేయించుకోవడమే మేలు. ఆరు వారాల భయానికి ఆ ఖర్చు ఎక్కువేం కాదు. పైగా ఒకవేళ నిజంగా జబ్బే ఉంటే ఆ ఆరు వారాలు చేజారిపోవు.

మళ్లీ మొదలుపెట్టాలంటే

అన్నీ బాగున్నాయని డాక్టర్ కూడా అన్నాక మళ్లీ వాడుకోవాలనుకుంటే రోజుకి 3 నుంచి 5 గ్రాములు చాలు. మొదటివారం 20 గ్రాముల లోడింగ్ అక్కర్లేదు. రోజుకి 3 గ్రాములు వేసినా దాదాపు నెలలో కండలు నిండుతాయి. మొదలుపెట్టే ముందు రోజు క్రియాటినిన్, రెండు నెలల తర్వాత ఇంకోసారి చేయించి రెండు అంకెలూ దాచుకోండి. మన కుర్రాడికి పౌడర్ లేకుండా 1.18, పౌడర్‌తో 1.35 వచ్చిందనుకుందాం. ఇకమీద పౌడర్ వాడుతున్నప్పుడు 1.3, 1.4 మధ్య వస్తే అతను కంగారు పడక్కర్లేదు. అదే మోతాదు మీద 1.6 వస్తే మాత్రం పౌడర్ మీద నెట్టేయకూడదు, రెండో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. పౌడర్‌ని నీళ్లలో కలిపిన వెంటనే తాగేయండి. రాత్రే నిమ్మరసంలో కలిపి షేకర్‌లో ఉంచుకుంటే పులుపుకి కొంత క్రియాటిన్ సీసాలోనే క్రియాటినిన్‌గా మారిపోతుంది, డబ్బుకి డబ్బూ దండగ.

ఉద్యోగం మెడికల్, ఇన్సూరెన్స్, వీసా పరీక్షల తేదీ ముందే తెలిస్తే ఆరు వారాల ముందే పౌడర్ ఆపేయండి. తేదీ హఠాత్తుగా వస్తే ఆపడానికి వ్యవధి ఉండదు. అప్పుడు శాంపిల్ ఇచ్చేటప్పుడే ఫారంలో "వాడుతున్న మందులు, సప్లిమెంట్లు" అన్న గడిలో క్రియాటిన్ మోతాదు, ఎంతకాలం నుంచో రాయండి, సిస్టాటిన్ సి, ఏసీఆర్ కూడా మీ ఖర్చుతో చేయించి ఆ కాగితాలు జతచేయండి. గడి ఖాళీగా వదిలేసి, ఎర్ర అంకె వచ్చాక "అది పౌడర్ వల్ల సార్" అంటే అవతల కూర్చున్నవాళ్లకి అది సాకులాగే వినిపిస్తుంది.